సర్వర్ మాట్లాడనప్పుడు

2017 ఫిబ్రవరి 1, బుధవారం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లోకి వెళ్లబోయిన సాఫ్ట్‌వేర్ వాళ్లకి సైటు తెరుచుకోలేదు. భోజనాల వేళకీ తెరుచుకోలేదు. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడూ అదే తంతు. అంతా పూర్తిగా సర్దుకునేసరికి మన గడియారంలో రాత్రి పదకొండున్నర అయింది. తెల్లారుజామున అయిదింటికి మొదలైన గొడవ మన దేశపు పనిదినాన్ని మొత్తంగా మింగేసింది.

మా వృత్తిలో సర్వర్లు పడిపోవడం వింత కాదు. రాత్రి రెండింటికి ఫోను మోగడం, కళ్లు నులుముకుంటూ లేచి కూర్చోవడం, ఆన్‌కాల్ డ్యూటీ చేసిన ప్రతివాడికీ అలవాటే. బయటి లోకానికి మాత్రం చివర్లో ఒక్క వాక్యమే చేరుతుంది: ‘సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం కలిగింది.’ ఆ కారణాలేమిటో బ్యాంకూ చెప్పదు, రైలు టికెట్ల సైటూ చెప్పదు. గిట్‌ల్యాబ్ వాళ్లు చెప్పారు. అదీ తీరిగ్గా తర్వాత కాదు, మంటలార్పుతూనే చెప్పారు. అందుకే ఇన్నేళ్లయినా, ప్రొడక్షన్‌లో పెద్ద ప్రమాదం ఎలా జరుగుతుందో, ఎలా బయటపడాలో కొత్తవాళ్లకి చెప్పాల్సి వస్తే నేను ఈ కథే ఎత్తుకుంటాను.

కథలోకి వెళ్లేముందు రెండు ముక్కలు. గిట్‌ల్యాబ్ అంటే ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్ దాచుకునే చోటు. కోడ్‌తో పాటు దాని చుట్టూ నడిచే వ్యవహారమంతా అక్కడే ఉంటుంది: ఎవరెవరు సభ్యులు, ఏ ప్రాజెక్టు ఎవరిది, ఎక్కడ తప్పు దొర్లింది, దానిమీద ఎవరేం వ్యాఖ్యానించారు. కోడ్ ఒక రకం సర్వర్లలో ఫైళ్లుగా ఉండేది. మిగతాదంతా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఉండేది. ఆ రాత్రి పోయింది ఈ రెండోదే. కోడ్‌కి ఏమీ కాలేదు.

ఆ డేటాబేసు రెండు యంత్రాల మీద నడిచేది. ఒకటి అసలుది, ప్రైమరీ. జనం రాసేదీ చదివేదీ దాంట్లోనే. రెండోది నకలు, సెకండరీ. అసలుది చచ్చిపోతే దీన్ని ముందుకు తేవచ్చు. అసలు దాంట్లో జరిగే ప్రతి మార్పూ నకలుకి ఎలా చేరుతుందో అర్థం కావాలంటే పాత కొట్టు లెక్కలు గుర్తు తెచ్చుకోండి. షావుకారు ఏ రోజు బేరాలు ఆ రోజు వరసగా చిట్టాలో రాసుకుని, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాకి వాళ్లది ఎక్కిస్తాడు. పోస్ట్‌గ్రెస్ కూడా అంతే. ముందు ప్రతి మార్పునీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. నకలు యంత్రం ఆ చిట్టా పేజీల్ని ఎప్పటికప్పుడు తెప్పించుకుని తన ఆవర్జా సరిచేసుకుంటుంది. అయితే చిట్టా అనంతంగా పెరిగిపోతే డిస్కు నిండిపోతుంది కాబట్టి, పాత పేజీల్ని అసలు యంత్రం కొంతసేపటికి పారేస్తుంది. నకలు ఆలోగా వాటిని చదివేసి ఉండాలి. చదవకపోతే ఇక దానికి దారి లేదు. మొత్తం డేటాని మొదట్నుంచీ మళ్లీ కాపీ చేసుకోవాల్సిందే.

ఆ రాత్రి

అర్ధరాత్రి పన్నెండున్నర ప్రాంతంలో డేటాబేసు మీద ఉన్నట్టుండి భారం పెరిగింది. స్పామ్ పంపేవాళ్ల పని అయ్యుంటుందని ఇంజనీర్లు అనుకున్నారు. చాలామందికి వ్యాఖ్యలు రాయడం కూడా కుదరలేదు. భారాన్ని అదుపులోకి తేవడానికి గంటలు పట్టింది. తర్వాత విచారిస్తే ఆ భారంలో కొంత భాగానికి మరో కారణం తేలింది. గిట్‌ల్యాబ్ ఉద్యోగి ఒకరి ఖాతాని ఎవరో ఆకతాయిగా ‘దుర్వినియోగం చేస్తున్నాడు’ అని ఫిర్యాదు చేస్తే, పొరపాటున ఆ ఖాతా తొలగింపు జాబితాలోకి ఎక్కింది. ఆ ఉద్యోగి పేరున ఉన్న సమాచారాన్నంతా చెరిపేసే పని తెర వెనక నడుస్తూ డేటాబేసుని ఇంకాస్త నలిపింది. ఇలాంటి పిడకల వేట లేని రామాయణం మా వృత్తిలో నేనింతవరకు చూడలేదు.

భారం తగ్గేసరికి తెల్లారుజాము నాలుగున్నర. కానీ ఈలోగా నకలు యంత్రం బాగా వెనకబడిపోయింది. దానికి కావాల్సిన చిట్టా పేజీల్ని అసలు యంత్రం అప్పటికే పారేసింది. పాత పేజీల్ని పారేసేముందు వేరేచోట దాచే ఏర్పాటు పోస్ట్‌గ్రెస్‌లో ఉంటుంది గానీ, వాళ్లు దాన్ని వాడటం లేదు. కాబట్టి మొత్తం కాపీ తప్పలేదు. రాత్రి పొద్దుపోయింది, ఇక పని ముగించేద్దామనుకున్న ఇంజనీరు ఈ సమస్య తలెత్తడంతో ఆగిపోయాడు.

ఆ కాపీ చేసే పనిముట్టు పేరు `pg_basebackup`. దాని షరతు ఒకటే. నకలు యంత్రంలో డేటా ఉండే ఫోల్డరు ఖాళీగా ఉండాలి. ఇంజనీర్లు అక్కడి పాత డేటా తీసేసి దాన్ని నడిపారు. అసలు యంత్రంలో నకళ్లకి కేటాయించిన కనెక్షన్లు చాలవని అది మొరాయించింది. `max_wal_senders` అనే అమరికని 3 నుంచి 32కి పెంచి యంత్రాన్ని మళ్లీ లేపబోతే, ఇంకో అమరిక అడ్డం తిరిగింది. `max_connections` 8000 ఉంది, అది మరీ ఎక్కువ, లేవనంటోంది. దాన్ని 2000కి దించారు. లేచింది. మళ్లీ `pg_basebackup` నడిపారు.

ఈసారి తప్పని లేదు, ఒప్పని లేదు. తెర మీద ఒక్క అక్షరం రాలేదు. కర్సరు మాత్రం మిణుకుమిణుకుమంటోంది.

నిజానికి అది పని చేస్తూనే ఉంది. అసలు యంత్రం కాపీకి సిద్ధమై డేటా పంపడం మొదలుపెట్టేదాకా `pg_basebackup` అలా నోరు మూసుకుని ఎదురుచూస్తుంది. దాని తీరే అంత. కానీ ఆ సంగతి గిట్‌ల్యాబ్ వాళ్ల రన్‌బుక్‌లో లేదు, ఆ పనిముట్టు అధికారిక వివరణలోనూ స్పష్టంగా లేదు. కొన్ని సార్లు ప్రయత్నించాక ఇంజనీరుకి ఓ అనుమానం వచ్చింది. ఇందాకటి విఫల ప్రయత్నాలు ఆ ఫోల్డరులో ఏవో ఫైళ్లు వదిలి ఉంటాయి, అందుకే ముందుకు కదలడం లేదు, దాన్ని మళ్లీ ఖాళీ చేస్తే సరి. తర్కంలో తప్పేమీ లేదు. అయిదింటికి ఫోల్డరు చెరిపేసే ఆదేశం ఇచ్చాడు. ఆ సమయంలో ఆయన ముందున్న రెండు యంత్రాల పేర్లు ఇవి:

```
db1.cluster.gitlab.com
db2.cluster.gitlab.com
```

ఖాళీ చెయ్యాల్సింది రెండోది. ఆదేశం ఇచ్చిన కిటికీ మొదటిది.

ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీ వెళ్లిపోయింది. నాలుగున్నర జీబీ మిగిలింది. ఇంత డేటా అంత వేగంగా ఎలా పోతుందని అడగొచ్చు. లినక్స్‌లో ఫైలు తీసేయడమంటే లోపలి అక్షరాల్ని ఒక్కొక్కటిగా తుడవడం కాదు, ఆ ఫైలు ఫలానా చోట ఉందన్న నమోదుని కొట్టేయడం మాత్రమే. పైగా పోస్ట్‌గ్రెస్ తన పట్టికల్ని ఒక్కోటి 1 జీబీ దాకా పెరిగే ఫైళ్లుగా దాస్తుంది. అంటే వందల జీబీ పోవడానికి లక్షల ఫైళ్లేం చెరపనక్కర్లేదు.

ఇంకో సంగతి చూడండి. నకలు యంత్రాన్ని వాళ్లే అంతకుముందు ఖాళీ చేశారు. అంటే ఆ క్షణాన నడుస్తున్న డేటాబేసు ప్రపంచంలో ఎక్కడా లేదు.

బ్యాకప్ ఉంది కదా అన్నా

మా ఆఫీసుల్లో ఇలాంటి మాట వస్తే కుర్రాళ్లు వెంటనే అనేది ఇదే: ‘బ్యాకప్ ఉంది కదా అన్నా.’ గిట్‌ల్యాబ్‌లోనూ ఉంది. ఒకటి కాదు, బ్యాకప్పులూ నకళ్లూ కలిపి అయిదు ఏర్పాట్లు. ఆ రాత్రి వాళ్లే బహిరంగంగా రాసుకున్న మాట ఏమిటంటే, ఆ అయిదింటిలో ఒక్కటీ నమ్మకంగా పనిచెయ్యలేదు, కొన్నయితే అసలు ఏర్పాటే కాలేదు.

వీటిలో ఒకదాని గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఫోల్డరు చెరిపిన ఘట్టం కాదు, ఇది.

రోజుకోసారి `pg_dump` అనే పనిముట్టు డేటాబేసునంతా ఒక ఫైలుగా తీసి అమెజాన్ వాళ్ల నిల్వ సేవ ఎస్3లో పెట్టాలి. ఇంజనీర్లు అక్కడికి వెళ్లి చూస్తే ఏమీ లేదు. గిట్‌ల్యాబ్ వాడుతున్న పోస్ట్‌గ్రెస్ వెర్షను 9.6. వాళ్ల ప్యాకేజీలో మాత్రం 9.2, 9.6 రెండూ ఉండేవి. ఏది వాడాలో తేల్చుకోవడానికి ఆ ప్యాకేజీ డేటా ఫోల్డరులో ఉండే `PG_VERSION` అనే చిన్న ఫైలుని చూస్తుంది. ఆ ఫైలు డేటాబేసు యంత్రంలోనే ఉంటుంది. బ్యాకప్ పని మాత్రం వేరే సర్వరు మీద నడిచేది. అక్కడ డేటా ఫోల్డరే లేదు. ఫైలు కనపడకపోయేసరికి అది పాతదైన 9.2ని ఎంచుకుంది. పాత `pg_dump` తనకంటే కొత్త డేటాబేసుని ముట్టుకోదు. ఇలా అని ఆగిపోతుంది:

```
pg_dump: aborting because of server version mismatch
```

ఆగిపోవడం మంచి పనే. తనకు తెలియని వెర్షనుని తప్పుగా కాపీ చేసే కంటే ఆగడం నయం. అలా విఫలమైనప్పుడల్లా ఇంజనీర్లకి ఈమెయిల్ వెళ్లేలా కూడా ఏర్పాటుంది. ఆ మెయిళ్లూ వెళ్లాయి. కానీ దొంగ మెయిళ్లని అరికట్టడానికి డీమార్క్ అనే పద్ధతి ఉంది. పంపినవాడు నిజంగా ఫలానా సంస్థవాడేనా అని తనిఖీ చేస్తుంది. ఆటోమేటిక్‌గా వెళ్లే ఈ మెయిళ్లకి ఆ ఏర్పాటు చేసి ఉంచలేదు. దాంతో మెయిల్ సర్వరు వాటిని గడప దగ్గరే తిప్పికొట్టేసింది. బ్యాకప్ రోజూ విఫలమవుతోంది, ఆ మాట రోజూ చెబుతోంది, వినేవాళ్లకి చేరడం లేదు. ఇన్‌బాక్సులో ఫిర్యాదేమీ లేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందని అందరూ అనుకున్నారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వాళ్ల సర్వర్లు మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఉండేవి. అక్కడ డిస్కు మొత్తాన్ని ఫొటో తీసినట్టు దాచే స్నాప్‌షాట్ సౌకర్యం ఉంది. కోడ్ ఫైళ్ల సర్వర్లకి దాన్ని పెట్టారు. డేటాబేసుకి వేరే బ్యాకప్పులు ఉన్నాయి కదా అని దానికి పెట్టలేదు. నకలు యంత్రం సంగతి చూశాం. ఇక మిగిలింది ఒక్కటే. పరీక్షల కోసం పెట్టుకున్న స్టేజింగ్ సర్వరులోకి ఇరవై నాలుగు గంటలకోసారి అసలు డేటా ప్రతి ఒకటి వెళ్తుంది. అది బ్యాకప్ ఉద్దేశంతో పెట్టింది కాదు. ఆ రోజువారీ ప్రతినే నమ్ముకుంటే దాదాపు ఒక రోజు డేటా పోయేది.

అదృష్టం ఇక్కడ కలిసొచ్చింది. ముందు రోజు రాత్రి 10.50కి ఓ ఇంజనీరు డేటాబేసు భారాన్ని పంచే పద్ధతి ఒకటి స్టేజింగ్‌లో పరీక్షించాలనుకున్నాడు. దానికి తాజా డేటా కావాలని చేత్తో ఒక ప్రతి తీసి పెట్టుకున్నాడు. ప్రమాదానికి ఆరు గంటల ముందు తీసిన ఆ ప్రతే చివరికి గిట్‌ల్యాబ్‌ని బతికించింది.

దాన్ని అసలు చోటికి మోసుకురావడం మళ్లీ ఓ ప్రయాస. స్టేజింగ్ యంత్రాలు అజూర్‌లోని చవక రకం డిస్కుల మీద ఉన్నాయి. వేగం సెకనుకి సుమారు 60 మెగాబిట్లకు మించలేదు. మొత్తం పునరుద్ధరణకి పద్దెనిమిది గంటల వరకూ పట్టింది. స్టేజింగ్ నుంచి పొరపాటున బయటి సైట్లకి కబుర్లు వెళ్లకుండా అక్కడి ప్రతిలో వెబ్‌హుక్‌లు తీసేసి ఉంచుతారు. వాటిని విడిగా తెచ్చి చేర్చాల్సి వచ్చింది. సైటు తెరిచేముందు ఇంకో పని చేశారు. ఇది నాకు చాలా నచ్చింది. పట్టికల్లో కొత్త నమోదులకిచ్చే వరస సంఖ్యల్ని ఒక లక్ష ముందుకి జరిపారు. పోయిన ఆరు గంటల్లో ఎవరో ఒక ప్రాజెక్టు పెట్టుకుని ఉంటారు, దానికో సంఖ్య వచ్చి ఉంటుంది. ఆ సంఖ్యే రేపు ఇంకొకరి ప్రాజెక్టుకి దక్కితే పాత లింకు నొక్కినవాడు పరాయి ఇంట్లో తేలతాడు. డేటా పోవడం ఒక నష్టం, ఒకరి డేటా మరొకరికి అంటుకోవడం దానికంటే పెద్ద ప్రమాదం. నిద్ర లేని ఆ స్థితిలో ఇది తట్టడం అనుభవం ఉన్నవాళ్లకే సాధ్యం.

మొత్తానికి రాత్రి 10.50 నుంచి తెల్లారుజామున 5.30 మధ్య రాసినది తిరిగి రాలేదు. సుమారు 5000 ప్రాజెక్టులు, 5000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలకి ఆ దెబ్బ తగిలి ఉంటుందని వాళ్ల అంచనా.

జనానికి ఏం చెప్పారు

డేటా పోయిందని తేలగానే గిట్‌ల్యాబ్ వాళ్లు ట్విటర్‌లో చెప్పేశారు. తాము లోపల నోట్సు రాసుకుంటున్న గూగుల్ డాక్యుమెంటుని అందరికీ తెరిచేశారు. ఏం జరిగింది, ఏ బ్యాకప్ ఏ స్థితిలో ఉంది, ఇప్పుడేం చేస్తున్నారు, అన్నీ అందులోనే. అది చాలదన్నట్టు ఇంజనీర్లు మాట్లాడుకునే కాల్‌ని యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. ఒక దశలో 5000 మంది చూశారు. ఆ సమయంలో యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాల్లో అది రెండో స్థానంలో నిలిచింది. ఫైళ్లు కాపీ కావడాన్ని చూడటానికి!

దీన్ని అందరూ అనుకరించాలని నేననను. రోగుల వివరాలున్న ఆసుపత్రి వ్యవస్థ పడిపోతే, చెల్లింపుల సర్వరు ఆగిపోతే లోపలి సంభాషణని అంగట్లో పెట్టడం కుదరదు, కూడదు కూడా. సర్వర్ల పేర్లు, వెర్షన్లు, బలహీనతలు దొంగలకి కూడా కనిపిస్తాయి. ప్రసారం సంగతి పక్కనపెడితే, ఆ డాక్యుమెంటు చేసిన పని మాత్రం ఎక్కడైనా అక్కరకొస్తుంది. ప్రమాదం మధ్యలో ఉన్న ఇంజనీరుని అన్నిటికంటే ఎక్కువ అలసగొట్టేది సర్వరు కాదు, ‘ఎంతసేపు పడుతుంది?’ అనే ప్రశ్న. మేనేజరు అడుగుతాడు, ఆయన పైవాడు అడుగుతాడు, అమ్మకాల విభాగం అడుగుతుంది, ప్రతివాడికీ మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. ఒకేచోట సమయాలతో సహా రాస్తూ పోతే అడిగేవాళ్లు అక్కడ చూసుకుంటారు. తెల్లారాక డ్యూటీ మారిన ఇంజనీరు కూడా దాన్నే చదివి పనిలోకి దిగుతాడు. అందుకే బాగా నడిచే బృందాల్లో కీబోర్డు మీద చెయ్యి ఉన్నవాడికి రాసే పని, బయటికి చెప్పే పని అప్పగించరు. వాటికి వేరే మనిషి ఉంటాడు.

ఇంకోటి. ఆ డాక్యుమెంటులో ‘సమస్యని పరిశీలిస్తున్నాం’ లాంటి చప్పిడి మాటలు లేవు. ఆరు గంటల డేటా పోయిందని సూటిగా ఉంది. దాంతో తిట్టాల్సిన జనం సానుభూతి చూపించారు. సర్వర్లు చూసుకునే ఇంజనీర్లు సాటివాళ్ల కష్టకాలంలో ధైర్యం చెప్పడానికి వాడే ‘హగ్‌ఆప్స్’ అనే హ్యాష్‌ట్యాగ్‌తో ప్రపంచం నలుమూలల నుంచీ పలకరింపులు వచ్చాయి. అందులో సగం, ‘ఈ రోజు మా బ్యాకప్పులు తెరిచి చూసుకున్నాం’ అనే భయం కూడా ఉండే ఉంటుంది.

అసలు కారణం ఎక్కడుంది

ఆదేశం తప్పు కిటికీలో ఇచ్చాడు కాబట్టి తప్పు ఆ ఇంజనీరుదే అనడం సులువు. ఫిబ్రవరి 10న వెలువడిన పూర్తి నివేదిక అలా అనలేదు. అందులో ఆయన పేరు లేదు. మర్యాద కోసం మాత్రమే అలా రాశారనుకుంటే పొరపాటు. వేలెత్తి చూపితే విచారణ అక్కడితో ఆగిపోతుంది. తర్వాతి ‘ఎందుకు’ని ఎవరూ అడగరు. నివేదిక ఆ ‘ఎందుకు’ని ఒకదాని వెంట ఒకటి అడుగుతూ పోయింది. డేటాబేసు ఎందుకు పోయింది? తప్పు యంత్రం మీద చెరిపారు కాబట్టి. అసలు చెరపాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నకలు ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి కట్టాల్సి వచ్చింది కాబట్టి. చేత్తో ఎందుకు కట్టారు, పత్రాల్లో ఏముంది? ఈ ప్రశ్నల వరస ఒకటి. ఇంతసేపు ఎందుకు పట్టింది, బ్యాకప్పులు ఏమయ్యాయి అన్నది రెండో వరస. ఆ రెండో వరస చివర తేలినది ఇది: బ్యాకప్పుల్ని క్రమంగా పరీక్షించే బాధ్యత ఎవరిదీ కాదు. ఎవరికీ అప్పగించలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ రాత్రి రెండు పనిముట్లు మౌనంగా ఉన్నాయి. `pg_basebackup` పని చేస్తూ మౌనంగా ఉంది, దాన్ని వైఫల్యంగా చదివారు. రోజువారీ బ్యాకప్ విఫలమవుతూ మౌనంగా ఉంది, దాన్ని సాఫల్యంగా చదివారు. రెండూ తలకిందులైన అర్థాలు. మొదటి మౌనం డేటాని చెరిపించింది, రెండోది తిరిగి రానీయకుండా చేసింది. ఇంజనీరు అలసట, యంత్రాల పేర్ల పోలిక, అన్నీ నిజమే. ఆ రెండు మౌనాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఇలా చూస్తే ఏ మరమ్మతుకి ఎంత విలువో తెలుస్తుంది. గిట్‌ల్యాబ్ వాళ్లు టెర్మినల్ కిటికీలో ప్రొడక్షన్ యంత్రాల పేరు వేరే రంగులో కనిపించేలా మార్చాలనుకున్నారు. మంచిదే, నేనూ అదే పెట్టుకుంటాను. కానీ రెండు వారాలు పోయాక కంటికి ఆ రంగు అలవాటైపోతుంది. చిట్టా పేజీల్ని పారేయకుండా వేరేచోట దాచే ఏర్పాటు అంతకంటే గట్టి మందు. అది ఉంటే నకలు వెనకబడినా మళ్లీ కట్టాల్సిన అవసరం తక్కువ. పైగా ఓ పాత ప్రతికి ఆ పేజీలు జోడించి ప్రమాదానికి క్షణం ముందు దాకా డేటాని తిరిగి తెచ్చుకోవచ్చు.

బ్యాకప్ మౌనానికి విరుగుడు వేరే ఉంది. విఫలమైతే చెప్పు అని యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడం చాలదు. చెప్పే దారిలో మెయిల్ సర్వరు ఉంటుంది, దాని నియమాలు ఉంటాయి, వాటిలో ఏది తెగినా కబురు అందదు. దాన్ని తిరగేయాలి. సఫలమైనప్పుడల్లా గుర్తు పెట్టమనాలి. వేరేచోట ఉన్న ఇంకో యంత్రం ఆ గుర్తు కోసం కాచుకుని ఉండాలి. ఇరవై ఆరు గంటలైనా తాజా గుర్తు కనపడకపోతే ఆ రెండోదే గంట కొట్టాలి. అప్పుడు నిశ్శబ్దం అంటేనే ప్రమాదం అవుతుంది. గుర్తు ఉంటే సరిపోదు, ఫైలు సైజు కూడా చూడాలి. నిన్న వందల జీబీ ఉన్నది ఇవాళ కొన్ని బైట్లే ఉంటే ఎవర్నో ఒకర్ని నిద్ర లేపాలి.

సైజు సరిగ్గా ఉన్నా లోపల ఏముందో తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే. ఆ బ్యాకప్‌ని కొత్త యంత్రం మీద నిజంగా విప్పి, డేటాబేసుని లేపి, ప్రశ్న అడగడం. గిట్‌ల్యాబ్‌లో వ్యాఖ్యలుండే పట్టిక పేరు `notes`. అలా లేపిన డేటాబేసులో ఈ ఒక్క ప్రశ్న చాలు:

```
SELECT now() - max(created_at) FROM notes;
```

చివరి వ్యాఖ్య ఎంతసేపటి క్రితందో ఇది చెబుతుంది. ‘ఇరవై గంటలు’ అని జవాబొస్తే, ఇప్పుడు ప్రమాదం జరిగితే ఇరవై గంటల డేటా పోతుందని అర్థం. ‘నలభై రోజులు’ అని వస్తే మీ బ్యాకప్ నలభై రోజులుగా నిద్రపోతోంది. అసలు డేటాబేసే లేవకపోతే ఇక చెప్పేదేముంది. ఈ పరీక్ష మొదలైనప్పటి నుంచి జవాబు వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోవాలి. ‘ఎంతసేపు పడుతుంది?’ అనే ఆ ప్రశ్నకి చేతిలో ఉండే నిజమైన జవాబు అదే. చవక డిస్కుల సంగతి పద్దెనిమిది గంటల నిరీక్షణలో కాకుండా ఓ మామూలు మంగళవారం మధ్యాహ్నం బయటపడేది. గిట్‌ల్యాబ్ నివేదికలోనూ ఈ పని ఉంది. బ్యాకప్పుల బాధ్యత ఫలానావారిదని తేల్చడం, పునరుద్ధరణని ఆటోమేటిక్‌గా పరీక్షించడం, బ్యాకప్పుల స్థితి అందరికీ కనిపించేలా పెట్టడం.

దీనికి డబ్బు అవుతుంది. రోజూ వందల జీబీ విప్పడానికి యంత్రం కావాలి, అందులో జనం డేటా ఉంటుంది కాబట్టి దానికీ కాపలా కావాలి. బడ్జెట్ సమావేశంలో కత్తెర పడేది మొదట దీనికే. నేను చూసినంతలో ఇది బతికి బట్టకట్టిన చోట్ల ఒక ఉపాయం ఉంది. స్టేజింగ్‌కి ఎలాగూ డేటా కావాలి కదా, దాన్ని నేరుగా ప్రొడక్షన్ నుంచి కాకుండా రోజువారీ బ్యాకప్ నుంచే తెచ్చి నింపుతారు, జనం వివరాలు మరుగుపరిచి. బ్యాకప్ చెడిన రోజున పొద్దున్నే టెస్టింగ్ వాళ్లే గోల పెడతారు.

ఇక `pg_basebackup` సంగతి. పోస్ట్‌గ్రెస్ తర్వాతి వెర్షన్లలో దాన్ని `--verbose` జోడించి నడిపితే, ఎదురుచూసే సమయంలో ఈ వాక్యం చూపిస్తుంది:

```
pg_basebackup: initiating base backup, waiting for checkpoint to complete
```

కాపీ మొదలుపెడుతున్నాను, అసలు యంత్రం తన లెక్కలు సర్దుకునేదాకా ఆగాను అని దానర్థం. ఆగే ఓపిక లేకపోతే `--checkpoint=fast` అనవచ్చు, వెంటనే సర్దుకుని మొదలుపెడుతుంది. కాకపోతే ఆ కాసేపు అసలు యంత్రం డిస్కు మీద భారం పడుతుంది. అప్పటికే నలిగి ఉన్న డేటాబేసు మీద దాన్ని వాడేముందు ఓసారి ఆలోచించాలి.